'ఆరు'లో పోయిన చకారము 'చావు'లో ఏల నిలిచినది?

ఉర్దూ తరగతిలో వారమును 'హఫ్తా' అందురు. తెలుగు తరగతిలో 'సప్తాహము' అందురు. ఈ రెండింటికిని ఏడు అను సంఖ్యయే ఆధారము. సంస్కృతములో 'సప్త' అనునది ఫారసీలో 'హఫ్త్'. అటులనే సంస్కృతములోని 'మాస' ఫారసీలో 'మాహ్'. నెలనెలా వెలువడు పత్రికను 'మాహ్‌నామా' అనుట మన ఉర్దూ మిత్రులెరిగినదే. క్రీ.పూ. 500 ప్రాంతపు డేరియస్ చక్రవర్తి శాసనములలో 'సింధు' అను పేరు 'హిందు' అని కనిపించుచున్నది. ఇట్లు సంస్కృతములో సకారమున్న చోట ఇరాను భాషలలో హకారము వచ్చినది. ఇది ఒకటి రెండు పదములలో యాదృచ్ఛికముగా జరిగినది కాదు.

అయినచో, సంస్కృతములోని 'హస్త'మునకు సమానమైన ఫారసీ పదము 'దస్త్'. మనము దస్తావేజులలోను, దస్తఖతులలోను నిత్యము వాడు పదమే అది. ఇందలి సకారము హకారము కాలేదేమి? సంస్కృత 'స్థాన'మునకు సంవాదియైన 'స్తాన్'లో సకారము చెక్కుచెదరలేదేమి? ఈ రెండు పదములను పక్కపక్కన ఉంచి చూచినచో సమాధానము దొరకును. రెండింటను సకారము వెంటనే తకారమున్నది. తకారము ముందరి సకారము మారలేదు. మరి 'శత'మునకు సమానమైన 'సద్', 'శిరస్సు'నకు సమానమైన 'సర్' అను పదముల సంగతి యేమి? అవి మొదటినుండి వేరు ధ్వని. సంస్కృతములో అది శకారము, ఇరాను భాషలలో సకారము. పాత సకారము హకారమైన తరువాత ఈ కొత్త సకారము దాని స్థానమును ఆక్రమించినదే కాని, ఆ మార్పులో పాలుపంచుకొనలేదు. ఇట్లు అపవాదములని తోచినవన్నియు సూత్రములోనే ఇమిడిపోయినవి.

ఈ రీతి ఆలోచనను కచ్చితమైన సిద్ధాంతముగా మలచినవారు జర్మనీ దేశమున లైప్‌సిగ్ విశ్వవిద్యాలయమునకు సంబంధించిన కొందరు యువ పండితులు. లెస్కీన్ 1876లో ధ్వని సూత్రములకు అపవాదములు లేవని వాదించినాడు. 1878లో ఓస్టాఫ్, బ్రుగ్‌మాన్ అనువారు తమ గ్రంథ పీఠికలో దానిని పతాకము వలె ఎత్తిపట్టినారు. ఒక భాషలో ఒక కాలమున ఒక ధ్వని మారినచో, అదే ధ్వని పరిసరమున్న ప్రతి పదములోను అది మారి తీరవలెను. పదము యొక్క అర్థముతోను, అది వంటింటి మాటయా, రాచసభ మాటయా అను విషయముతోను ఆ మార్పునకు పనిలేదు. వీరికి 'నవ్యవ్యాకర్తలు' అను పేరు స్థిరపడినది. మొదట అది పెద్దలు పరిహాసముగా పెట్టిన పేరే.

అపవాదము కనబడినప్పుడు నవ్యవ్యాకర్తలు మూడు తలుపులు తట్టి చూడుమనిరి. మొదటిది, మనము గమనింపని ధ్వని పరిసరము. 'దస్త్'లోని తకారము అట్టిది. రెండవది సాదృశ్యము, అనగా ఒక రూపము తన తోడి రూపములను చూచి వాని వలె మారుట. మూడవది ఆదానము, అనగా పదము పొరుగు భాషనుండియో, మాండలికమునుండియో వచ్చి చేరుట.

ఈ మూడవ తలుపును తట్టుట మన కళాశాల వారికి సులభము. అరబ్బీ 'కాఫ్' అక్షరపు కంఠ్యధ్వనిని దక్కనీ ఉర్దూ మాట్లాడువారు ఖకారము వలె పలుకుదురు. తెలుగులో ఆ అక్షరముతో ఆరంభమగు పదములను కొన్నింటిని పేర్చి చూడుడు. ఖైదు, ఖరారు, ఖాయము అనువానిలో ఖకారమున్నది. కసాయి, కిస్తు అనువానిలో కకారమున్నది. ఇందులో తెలుగుభాష ఒక ధ్వనిని కొన్ని పదములలో మార్చి కొన్నింటిలో విడిచినది లేదు. ఎరువు పదములు వేర్వేరు నోళ్లనుండి, వేర్వేరు కాలములందు వచ్చినవి. కనుక పదముల పట్టిక గళ్లబట్ట వలె కనబడినంత మాత్రాన సూత్రము భంగమైనదని తొందరపడి తీర్మానింపరాదు.

ఇప్పుడు మన ఇంటి సమస్యకు వత్తము. ఆరు, ఉప్పు, ఇచ్చు, చచ్చు, చుట్టు అను అయిదు తెలుగు పదములను తీసికొందము. వీనిలో మొదటి మూడును అచ్చుతో ఆరంభమగుచున్నవి. కాని ఇవి పుట్టుకతో అట్టివి కావు. బస్తరు ప్రాంతమునందలి పర్జీ భాషలో ఉప్పు 'చుప్', ఇచ్చుటకు ధాతువు 'చీ'. గోండీలో ఆరు 'సారుంగ్', ఉప్పు 'సొవర్', ఇచ్చుటకు ధాతువు 'సీ'. ఇట్టి సాక్ష్యములను బట్టి ఈ మూడు పదములకును మూలద్రావిడమున మొదట చకారముండెనని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. తెలుగున అది లోపించినది. తమిళమునను అంతే: ఆఱు, ఉప్పు, ఈ. తక్కిన రెండు పదములకు కూడ అదే చకారము ఆధారము. తమిళమున 'చా' అనగా చచ్చుట, 'చుఱ్ఱు' అనగా చుట్టుట. వీనిలో చకారము నేటికిని నిలిచియున్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. తెలుగులో చకారముతో మొదలగు పదములన్నియు ఈ జాబితాకు పనికిరావు. చెవి, చెడు, చిలుక మొదలైనవాని చకారము పూర్వము కకారము. కన్నడమున చెవిని 'కివి' అనుటయు, తమిళమున చిలుకను 'కిళి' అనుటయు ఇందుకు సాక్ష్యము. ఇ, ఎ మొదలగు అచ్చుల ముందు కకారము తెలుగున చకారమైనది. ఈ వచ్చి చేరిన చకారమును అసలు చకారముతో కలిపి లెక్కించినచో లెక్క తప్పును.

ఆ జాగ్రత్తతో మూడు తలుపులను తట్టి చూతము. మొదటిది ధ్వని పరిసరము. 'ఆరు' అను పదమున లోపించిన చకారము తరువాత ఆకారముండెను. 'చచ్చు' ధాతువు మూలరూపమునను చకారము తరువాత ఆకారమే. 'ఉప్పు', 'చుట్టు' రెండింటను ఉకారమే. ఒకే అచ్చు ముందు ఒకచోట లోపించి, ఒకచోట నిలిచినది. 'దస్త్' వంటి తేలికైన కారణము ఇక్కడ కనబడదు. ఇక సాదృశ్యము. ఒకే ధాతువు కొన్ని రూపములలో చకారముతోను, కొన్నింట చకారము లేకయు ఉండినచో ఒకటి మరియొకదానిని అనుకరించినదనవచ్చును. 'ఆరు'నకుగాని, 'ఉప్పు'నకుగాని అట్టి జంట రూపములు లేవు. మిగిలినది ఆదానము. ఒక జాతి తన ఉప్పును, తన ఆరు అంకెను, 'ఇచ్చు' అను క్రియను మూడింటిని ఎరువు తెచ్చుకొనెననుటకు చాల సాహసము కావలెను. అదియును తమిళము, తెలుగు రెండింటను ఒకే పదములు అచ్చుతో మొదలగుచున్నప్పుడు ఎవరు ఎవరికి ఎరువిచ్చిరని చెప్పుట?

మూడు తలుపులును మూసియున్నవి. ఇట్టి శేషములే నవ్యవ్యాకర్తలను ఇరకాటమున పెట్టినవి. వారి కాలముననే, 1885లో, షూహార్ట్ అను పండితుడు ధ్వని సూత్రములపై వారి పట్టుదలను ఎదుర్కొని ఒక పుస్తకము వ్రాసినాడు. కాని శేషములు సూత్రమునకు లొంగలేదని చూపినంతనే చాలదు, మార్పు ఎట్లు నడచునో ప్రత్యామ్నాయము చెప్పవలెను. ఆ పని 1969లో విలియం వాంగ్ అను భాషాశాస్త్రజ్ఞుని వ్యాసముతో గట్టిగా మొదలైనది. చీనా భాషల మాండలికములే ఆయన పక్షమువారికి తరువాత ముఖ్యాధారములైనవి. ధ్వని మార్పు పదజాలమంతటిని ఒక్కసారి తాకదు, పదము వెంట పదముగా పాకునని ఆ వాదము. దీనినే పదవ్యాప్తి సిద్ధాంతమందురు.

రెండు పక్షముల భేదమును స్పష్టముగా గ్రహింపవలెను. నవ్యవ్యాకర్తల దృష్టిలో ఉచ్చారణ కొంచెము కొంచెముగా జరుగును, కాని అన్ని పదములు కలిసి జరుగును. ఏరు పొంగినప్పుడు ఒడ్డుననున్న పడవలన్నియు ఒకే మట్టమున పైకి లేచినట్లు. పదవ్యాప్తివాదుల దృష్టిలో ఉచ్చారణ ఒక్క దుముకున మారును, కాని పదములు ఒక్కొక్కటిగా మారును. మధ్యకాలమున ఒక్కొక్క పదము పాత రూపముతోను, కొత్త రూపముతోను కూడ వినబడును. కొంత కాలమునకు పాత రూపము వెనుకబడి మరుగగును. ఇట్లు పదములు మూడు స్థితులలో ఉండును: మారనివి, ఊగిసలాడునవి, మారినవి. అన్నియు మూడవ స్థితికి చేరకముందే మార్పు ఆగినచో శేషము మిగులును. వేరొక మార్పు వచ్చి అడ్డుపడుట అట్లు ఆగుటకు ఒక కారణమని వాంగ్ చెప్పినాడు.

తెలుగున చకార లోపము ఆగిపోయినది. ఆగిన మార్పును చూచి అది నడచిన తీరును నిర్ణయించుట కష్టము. నడుచుచున్నదానిని చూడవలెను. అట్టి అవకాశము మన పొరుగుననే ఉన్నది. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ప్రాంతములలో విస్తరించిన గోండీ మాండలికములలో మూలద్రావిడ చకారము సకారమై, ఆ సకారము హకారమై, ఆ హకారము లోపించుచు వచ్చినది. ఉత్తర పశ్చిమ ప్రాంతముల 'సొవర్' నడిమి ప్రాంతమున 'హొవర్', దక్షిణమున 'ఒవర్'. సారుంగ్, హారుంగ్, ఆరుంగ్ అనునవియు, ఇచ్చుటకు సీ, హీ, ఈ అనునవియు అట్టి వరుసలే. ఇరాను భాషలలో మూడువేల ఏండ్లకు పూర్వమే ముగిసిన సకార హకారముల కథయే ఇక్కడ మన కాలములో, మరి ఒక మెట్టు ముందుకు సాగి, జరుగుచున్నదన్నమాట. తెలుగున చకారమును విడువని 'చచ్చు' పదము కూడ గోండీలో తప్పించుకొనలేదు. 'సాయ్' అన్నది కొన్నిచోట్ల 'హాయ్' అయినది. పలుకరింపులలో 'హాయ్' అనుకొను మన విద్యార్థులకు ఇది కొంత ఇబ్బందికరమైన సమాచారమే.

ఈ మాండలిక పదములను బరో, భట్టాచార్య అను పండితులు 1960లో ఒక తులనాత్మక పదకోశముగా సమకూర్చినారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు గోండీ సామగ్రిని ఈ దృష్టితో పరిశీలించి 1998లో ఒక వ్యాసము ప్రకటించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్ర ఆచార్యులుగా పనిచేసి, 2012లో కీర్తిశేషులైన ఆయన అంతకు ఇరువది సంవత్సరముల ముందు, 1978లోనే, తెలుగు మొదలైన భాషలలోని వేరొక మార్పును పదవ్యాప్తి దృష్టితో వివరించియుండిరి. తమిళ 'ఉరల్' మనకు 'రోలు' అగుట, 'మరన్' అనునది పాత తెలుగున 'మ్రాను' అగుట ఆ మార్పునకు ఉదాహరణములు. పదము మొదటి అచ్చును దాటి రేఫము, లకారము మొదలగునవి ముందుకు వచ్చినవి. అయినను తమిళ 'ఉళి' మనకు 'ఉలి'గానే ఉన్నది, 'అలై' అనునది 'అల'గానే ఉన్నది. రోలు ముందుకు దొర్లినది, ఉలి తన చోటనే నిలిచినది.

గోండీలో పరీక్ష ఎట్లు జరుపవలెనో ఆలోచింతము. సకార ప్రాంతమునకు, హకార ప్రాంతమునకు నడుమనున్న ఒక గూడెమునకు పోయి, సకారము రాదగిన పదములన్నియు ఒక్కొక్కటిగా అడిగి వ్రాసికొనవలెను. నవ్యవ్యాకర్తలు చెప్పినట్లు జరిగినచో అక్కడ అన్నియు సకారముతోనో, అన్నియు హకారముతోనో, లేదా అన్నియు ఒకే విధమైన నడిమి ధ్వనితోనో ఉండవలెను. పదవ్యాప్తి జరుగుచున్నచో ఉప్పునకు హకారము వచ్చి ఆరునకు ఇంకను రాక పోవచ్చును, మూడవ పదమునకు రెండు రూపములును వినబడవచ్చును. సంధి ప్రాంతములలో కనబడినది ఈ రెండవ చిత్రమే. కాని ఆ ప్రాంతములనుండి దూరముగా పోయి చూచినచో గళ్లబట్ట మాయమగును. మార్పు పూర్తియైన చోట సకారమునకు ప్రతిగా అంతటను హకారమే, లేదా అంతటను లోపమే. నడిమి దశను ఎరుగని పండితుడు అక్కడి పట్టికను మాత్రమే చూచినచో, అపవాదము లేని నవ్యవ్యాకర్తల సూత్రమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదనును.

కృష్ణమూర్తిగారు తేల్చిన ముఖ్యాంశము ఇదియే. క్రమబద్ధత మార్పు యొక్క నడక కాదు, అది చేరు గమ్యము. పదము వెంట పదముగా నడచిన మార్పు కూడ పదజాలమంతటిని చుట్టివచ్చినచో క్రమబద్ధమైన సూత్రమే అగును. నడుమ ఆగినచో తెలుగు చకారము వలె శేషమును విడుచును. ఈ వెలుగులో చూచినచో 'హఫ్త్', 'మాహ్' అను పదములు కూడ ఒకేసారి మారినవో, ఒకదాని వెనుక ఒకటి మారినవో మనము చెప్పజాలము. ఆ నడిమి కాలపు గూడెములను చూచి వచ్చినవారెవరును లేరు.

అయితే నవ్యవ్యాకర్తల పక్షము ఓడినదని మేము అనుకొనుట లేదు. వారు ఇందుకు ఇచ్చు సమాధానమునకు బలమున్నది. సంధి ప్రాంతపు గూడెములో మార్పు పుట్టలేదు, పొరుగు మాండలికము నుండి మారిన పదములు ఒక్కొక్కటిగా అచటికి వలస వచ్చినవి, కనుక మీరు చూచినది ధ్వని మార్పు కాదు, ఆదానమని వారందురు. ఖైదు, కసాయి పదముల పాఠము ఇక్కడ గుర్తుకు తెచ్చుకొనవలెను. గోండీ పదకోశములలో ఎక్కువ భాగము ఊరికొక సాక్ష్యమే కాని, ఒకే మనిషి నోట పదములు ఏ వరుసను మారినవో తెలుపు సాక్ష్యము కాదు. మార్పు పుట్టిన చోటును, వ్యాపించిన చోటును వేరుచేయుట ఇట్టి సామగ్రితో సులభము కాదు.

అమెరికాలో విలియం లబోవ్ 1981లో ఈ వివాదమును మరియొక విధముగా పరిష్కరింపజూచినాడు. అచ్చు నోటిలో మెల్లమెల్లగా స్థానము మార్చుకొనునట్టి సూక్ష్మమైన మార్పులు నవ్యవ్యాకర్తలు చెప్పినట్లు అన్ని పదములలోను ఒకేసారి నడచుననియు, ఒక ధ్వని వర్గమును విడిచి వేరొక వర్గమున చేరునట్టి మార్పులు పదవ్యాప్తిగా నడచుననియు ఆయన మతము. ఫిలడెల్ఫియా నగరములో 'బ్యాడ్', 'మ్యాడ్', 'గ్లాడ్' అను మూడు ఆంగ్ల పదముల అచ్చు మారినది, వానితో ప్రాసకు సరిపోవు 'స్యాడ్' పదములోని అచ్చు మారలేదు. ఇది మన ఆరు, చావుల జంటకు దగ్గరి చుట్టమే. చకార లోపము కూడ నోటి కదలికలో చిన్న సవరణ కాదు, ఉన్న హల్లు లేకపోవుట. కనుక లబోవ్ విభజనలో అది పదవ్యాప్తి వైపుననే చేరునని మాకు తోచుచున్నది.

నవ్యవ్యాకర్తలను విడిచిపెట్టరాదనుటకు ఇంకొక కారణము కలదు. ఉప్పునకు ఒకప్పుడు చకారముండెనని మనకెట్లు తెలిసినది? పర్జీ చకారము, గోండీ సకారము పదపదమునను క్రమముగా సరిపోవుట చేత. ధ్వనులు ఇష్టము వచ్చినట్లు మారునని మొదటనే ఒప్పుకొన్నచో 'ఉప్పు', 'సొవర్' ఒకే పదమని నిరూపించు దారియే లేదు. అప్పుడు 'చచ్చు' అపవాదమని చెప్పుటకును వీలులేదు, ఎందుకనగా దేనికి అపవాదమో తెలియదు. అంతియేకాదు, గోండీ తెలుగునకు సోదరి అని చెప్పు బంధుత్వ పట్టికయంతయు ఆ క్రమము మీదనే నిలిచియున్నది.

ఇక తెలుగున ఆ లోపము ఎప్పుడు ఆగినది? సంవత్సరము చెప్పుటకు సాధనము లేదు గాని, ముందు వెనుకలు కొంత ఊహింపవచ్చును. పైన పక్కన పెట్టిన చెవి, చెడు, చిలుక పదములు ఇక్కడ పనికి వచ్చును. కకారమునుండి పుట్టిన ఆ చకారము వీనిలో ఏ ఒక్కదానియందును లోపింపలేదు. పాత చకారము కొన్ని పదములను విడిచిపోవుట ఆగిన తరువాతనే ఈ కొత్త చకారము పుట్టియుండవలెను. లేదా, ఈ కొత్త చకారము గుంపుగా వచ్చి పదాదిని స్థిరపడుటయే ఆ లోపమును ఆపియుండవలెను. వాంగ్ చెప్పిన అడ్డుపడు మార్పు ఇదియే అయినచో రెండవ పక్షమే సరియగును. ఈ రెండింటను ఏది నిజమో తేల్చుటకు తెలుగు శాసనములు తోడ్పడవు. వానిలో మొట్టమొదటివి వెలసిన నాటికే 'చచ్చు' తన చకారముతోను, 'ఆరు' తన చకారము లేకయు స్థిరపడియున్నవి.